ఫైబ్రాయిడా, అడినోమయోసిసా? గర్భసంచి రిపోర్టు చూసి నిర్ణయం తీసుకునే ముందు

నలభై దాటిన ఆడవాళ్ళు నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువవుతోందని వచ్చినప్పుడు, చేతిలో తెచ్చే స్కానింగ్ రిపోర్టులో సాధారణంగా రెండు మాటలుంటాయి: బల్కీ యుటెరస్, ఫైబ్రాయిడ్. మొదటిది జబ్బు పేరు కాదు. గర్భసంచి మామూలు సైజు కంటే పెద్దగా ఉందని చెప్పడమే. దాన్నే ఇళ్ళల్లో "గర్భసంచికి వాపొచ్చింది" అంటారు. రెండోది జబ్బు పేరే, కానీ అక్కడ ఉన్నది ప్రతిసారీ ఫైబ్రాయిడే అయి ఉండదు. కొందరిలో అది అడినోమయోసిస్. ఇంకొందరిలో రెండూ ఉంటాయి.

ఇదేదో డాక్టర్లు తమలో తాము చర్చించుకునే సూక్ష్మమైన తేడాలా అనిపించొచ్చు. కానీ గడ్డ ఒక్కదాన్నే తీయడం కుదురుతుందా, ఏ మందు పనిచేస్తుంది, హార్మోన్ లూప్ వేస్తే లోపల నిలుస్తుందా అన్నవన్నీ దీనిమీదే ఆధారపడతాయి. తేడా తేల్చకుండా వదిలేసిన చోట చివరికి మిగిలే జవాబు గర్భసంచి తీసేయడం ఒక్కటే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. వీళ్ళలో ఆపరేషన్ నిజంగా అవసరమైనవాళ్ళు ఉన్నారు. బ్లీడింగ్‌కు కారణమేమిటో, వేరే దారులేమున్నాయో ఎవరూ కూర్చోబెట్టి చెప్పనివాళ్ళూ ఉన్నారు. నేను రాస్తున్నది ఆ రెండో రకం వాళ్ళ కోసం.

గోడలో జరిగేది ఏమిటి

గర్భసంచి గోడలో ఎక్కువ భాగం కండరం. లోపలివైపు పల్చటి పొర ఉంటుంది, దాన్ని ఎండోమెట్రియం అంటారు. ప్రతి నెలా మందమై, ఊడి, రక్తంతో పాటు బయటికొచ్చేది ఆ పొరే.

ఫైబ్రాయిడ్ కండరంలోంచి పుడుతుంది. ఒక్క కండర కణం అదుపు తప్పి పెరుగుతూ గుండ్రటి గట్టి గడ్డగా తయారవుతుంది. అది పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న మామూలు కండరం నొక్కుకుపోయి దాని చుట్టూ ఒక పొరలా ఏర్పడుతుంది. అందుకే సర్జన్ ఆ పొర దగ్గర కోసి, గడ్డను ఊడదీసి, మిగతా గర్భసంచిని అలాగే ఉంచగలుగుతారు. ఇవి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు.

అడినోమయోసిస్‌లో కొత్త గడ్డంటూ ఏదీ పుట్టదు. లోపలి పొరకు చెందిన గ్రంథులు కండరంలోకి చొచ్చుకుపోయి అక్కడక్కడా స్థిరపడతాయి. హార్మోన్లకు అవి కూడా స్పందిస్తాయి కాబట్టి కండరం లోపలే వాపు, కొద్దిపాటి రక్తస్రావం జరుగుతుంటాయి. చుట్టూ ఉన్న కండరం దానికి ప్రతిస్పందనగా మందమవుతుంది. కొందరిలో ఇది గోడంతా పాకుతుంది. కొందరిలో ఒకే చోట గుమిగూడి గడ్డలా కనిపిస్తుంది, దాన్ని అడినోమయోమా అంటారు. స్కానింగ్‌లో ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే. చూడ్డానికి గడ్డలా ఉన్నా దానికి అంచు ఉండదు. పిండిలో కలిసిపోయిన నూనెను వేరు చేయలేనట్టే, అక్కడ జబ్బు ఎక్కడ ఆగిందో, మంచి కండరం ఎక్కడ మొదలైందో కత్తికి దొరకదు. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ మొదలుపెట్టి, లోపల పొర దొరక్క, రక్తం ఎక్కువ పోయి, చివరికి గర్భసంచే తీసేయాల్సి వచ్చే ప్రమాదం ఇలాంటి చోటే ఉంటుంది.

అడినోమయోసిస్ ఎందుకొస్తుందో పూర్తిగా తేలలేదు. కాన్పులు, సిజేరియన్, అబార్షన్ తర్వాత గర్భసంచి లోపల గీకి శుభ్రం చేసే క్యూరటాజ్ లాంటి వాటివల్ల లోపలి పొరకూ కండరానికీ మధ్య హద్దు దెబ్బతినడం ఒక కారణమని భావిస్తున్నారు. ఎండోమెట్రియోసిస్, అంటే లోపలి పొర లాంటి కణజాలం గర్భసంచి బయట పెరిగే జబ్బు, ఉన్నవాళ్ళలో కూడా ఎక్కువ కనిపిస్తుంది. ఒకప్పుడు గర్భసంచి తీసేశాక ల్యాబ్‌లో కోసి చూస్తేనే ఇది బయటపడేది. అందుకే నలభైల్లో, కాన్పులైన వాళ్ళకు వచ్చే జబ్బుగా పేరుపడింది. ఇప్పుడు మంచి స్కానింగ్ వచ్చాక పెళ్ళికాని అమ్మాయిల్లోనూ కనిపెడుతున్నారు.

నొప్పి చెప్పే కబురు

బ్లీడింగ్ ఎక్కువవడం రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి తేడా చెప్పలేం. తేడా కాస్త పట్టిచ్చేది నొప్పి. అడినోమయోసిస్ ఉన్నవాళ్ళు చాలామంది చెప్పే కథ ఇలా ఉంటుంది: పెళ్ళికి ముందు నెలసరి నొప్పి పెద్దగా లేదు, కాన్పులయ్యాక కొన్నేళ్ళకు మొదలైంది, ఏడాదికేడాదీ పెరుగుతోంది, ఇప్పుడు బ్లీడింగ్ మొదలవడానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచే పొత్తికడుపు బిగబట్టినట్టు ఉంటుంది, నడుముకి, తొడలకి పాకుతుంది. భార్యాభర్తలు కలిసినప్పుడు లోతుగా నొప్పి రావడం కూడా చెబుతారు, అదీ విడిగా అడిగితేనే.

ఫైబ్రాయిడ్‌లో నొప్పి అంత ఉండకపోవచ్చు. అక్కడ గడ్డ ఎంతుంది అన్నదానికంటే ఎక్కడుంది అన్నది ముఖ్యం. గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చిన 2 సెంటీమీటర్ల గడ్డ మంచం పట్టేంత బ్లీడింగ్ తెప్పించగలదు. బయటివైపు పెరిగిన 7 సెంటీమీటర్ల గడ్డ నెలసరిని అసలు కదపకుండా, మూత్రాశయం మీద ఒత్తిడి పెట్టి గంటగంటకీ బాత్రూమ్‌కి పరిగెత్తించవచ్చు, వెనకవైపుంటే మలబద్ధకం తేవచ్చు. రిపోర్టులో గడ్డ కొలత చూసి టెన్షన్ పడేవాళ్ళు, అది ఏ పొరలో ఉందో చెప్పే వాక్యాన్ని వెతికి చదవాలి.

చేత్తో పరీక్ష చేసినప్పుడూ కొంత తెలుస్తుంది. అడినోమయోసిస్‌లో గర్భసంచి అన్నివైపులా సమానంగా ఉబ్బి, కాస్త మెత్తగా, నెలసరి దగ్గర్లో నొక్కితే నొప్పిగా ఉంటుంది. సాధారణంగా మూడో నెల గర్భం సైజు దాటదు. ఫైబ్రాయిడ్లున్న గర్భసంచి గట్టిగా, ఎగుడుదిగుడుగా తగులుతుంది, ఎంత పెద్దదైనా కావచ్చు. అయితే అడినోమయోసిస్ ఉన్నవాళ్ళలో మూడోవంతు మందికి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. అందువల్ల స్కాన్‌లో కనిపించిందని ప్రతిదానికీ వైద్యం అక్కర్లేదు.

స్కానింగ్‌లో ఏం చూడాలి

కడుపు మీద నుంచి చేసే స్కాన్ గర్భసంచి ఎంత పెద్దదో చెబుతుంది, గోడలో ఏముందో అంత బాగా చెప్పలేదు. పెళ్ళయిన ఆడవాళ్ళలో యోని ద్వారా చేసే స్కాన్, అంటే టీవీఎస్, దీనికి సరైన మొదటి పరీక్ష. చాలామంది చేతిలో ఉండే రిపోర్టు మొదటి రకానిదే.

టీవీఎస్‌లో ఫైబ్రాయిడ్ గుండ్రంగా, స్పష్టమైన అంచుతో, చుట్టూ ఉన్న కండరాన్ని పక్కకు నెట్టినట్టు కనిపిస్తుంది. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ పెడితే రక్తనాళాలు గడ్డ చుట్టూ ఉంగరంలా తిరుగుతాయి. అడినోమయోసిస్‌లో అంచు మసకగా ఉంటుంది. ముందు గోడ, వెనక గోడ మందంలో తేడా వస్తుంది. కండరం మధ్యలో చిన్న నల్లటి నీటి బుడగలు కనిపిస్తాయి. లోపలి పొర నుంచి కండరంలోకి తెల్లటి గీతలు, మొగ్గలు దిగినట్టుంటాయి. దాని వెనక విసనకర్ర ఆకారంలో చారల నీడలు పడతాయి. డాప్లర్‌లో రక్తనాళాలు చుట్టూ తిరక్కుండా మందమైన చోటు గుండా నేరుగా వెళ్ళిపోతాయి. ముసా అనే పేరుతో పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2015లో ఈ గుర్తులను ఒక క్రమంలో పెట్టింది. 2022లో వాటిని సవరించి, బుడగలు, కండరంలో తెల్లటి దీవుల్లాంటి మచ్చలు, లోపలి పొర నుంచి దిగే గీతలు, మొగ్గలను నేరుగా జబ్బును చూపే గుర్తులన్నారు. గోడ మందం, నీడలు, రక్తనాళాల తీరు లాంటివి పరోక్ష గుర్తులు. నేరుగా చూపే గుర్తు ఒక్కటైనా ఉంటే నమ్మకం బాగా పెరుగుతుంది. పరోక్ష గుర్తులు మాత్రమే ఉంటే ఆచితూచి చెప్పాలి.

ఎమ్మారై అందరికీ అక్కర్లేదు. గర్భసంచి చాలా పెద్దదై స్కాన్‌లో గోడలు సరిగా అందనప్పుడు, గడ్డలు చాలా ఉన్నప్పుడు, పిల్లలు కావాలనుకుని ఆపరేషన్‌కు సిద్ధపడుతున్నప్పుడు అది ఉపయోగం. ఎమ్మారైలో లోపలి పొరకు ఆనుకుని ఉన్న కండరం ఒక నల్లటి పట్టీలా కనిపిస్తుంది, దీన్ని జంక్షనల్ జోన్ అంటారు. ఆ పట్టీ 12 మిల్లీమీటర్లు లేదా అంతకంటే మందంగా ఉంటే అడినోమయోసిస్‌కు గట్టి ఆధారం. 8 లోపు ఉంటే అవకాశం తక్కువ. మధ్యలో ఉంటే ఇతర గుర్తులు చూడాలి. నెలసరి రోజుల్లో, లేదా గర్భసంచి ముడుచుకున్న క్షణంలో తీస్తే ఈ పట్టీ లేని మందం చూపిస్తుంది. హార్మోన్ మాత్రలు వాడుతుంటే ఉన్న మందం కనిపించకపోవచ్చు. కాబట్టి ఆ మాత్రల సంగతి స్కాన్ చేసేవాళ్ళకు ముందే చెప్పాలి.

ఒకామె రిపోర్టు, మొదటి నుంచి చివరి దాకా

నేను చూసే కేసుల్లో తరచూ ఎదురయ్యే తీరును ఒక మనిషిలో కూర్చి చెబుతాను. ఆమెకు 41 ఏళ్ళు. రెండు సిజేరియన్లు, రెండోదాంతో పాటే పిల్లలు కాకుండా ఆపరేషన్. నాలుగేళ్ళుగా నెలసరి ఏడెనిమిది రోజులు ఉంటోంది. రెండో రోజు, మూడో రోజు గంటన్నరకో ప్యాడ్ మార్చాలి, గడ్డలు గడ్డలుగా పడుతుంది, రాత్రి దుప్పటి కింద పాత చీర పరుచుకుని పడుకుంటుంది. హిమోగ్లోబిన్ 7.6. రిపోర్టులో "బల్కీ యుటెరస్, వెనక గోడలో 4.6 × 4.1 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్" అని ఉంది. వాళ్ళ వదినకు ఇలాగే ఉంటే తీసేశారట.

"పిల్లలు పుట్టేశారు కదా మేడమ్, ఇంక అదెందుకు? తీసేయండి, పీడా పోతుంది" అంది.

"తీయాల్సి వస్తే తీద్దాం అమ్మా. ముందు అసలేముందో చూద్దాం. ఈ రక్తంతో ఎలాగూ ఆపరేషన్ చేయలేం" అన్నాను.

టీవీఎస్ చేస్తే కథ మారింది. ముందు గోడ 14 మిల్లీమీటర్లుంటే వెనక గోడ 33 ఉంది. గడ్డ అని రాసిన చోట అంచు లేదు. లోపల మూడు నాలుగు చిన్న బుడగలు, వెనక చారల నీడలు, రక్తనాళాలు మధ్య నుంచే వెళుతున్నాయి. ప్రోబ్‌తో ఆ చోట నెమ్మదిగా నొక్కితే "నెలసరప్పుడు వచ్చే నొప్పి ఇదే" అంది. ముందు గోడలో వేరేగా 1.5 సెంటీమీటర్ల చిన్న ఫైబ్రాయిడ్ కూడా ఉంది, కానీ అది కండరం మధ్యలో ఉంది, లోపలి గదిని తాకడం లేదు. అంటే రెండు జబ్బులూ ఉన్నాయి, కానీ ఆమెను బాధపెడుతున్నది అడినోమయోసిస్.

బ్లీడింగ్‌కు కారణం దొరికినట్టే అనిపించినా ఇక్కడ ఒక మెట్టు వదిలేయకూడదు. 40, 45 దాటినవాళ్ళలో, లేదా బరువు ఎక్కువగా ఉండి నెలసరి క్రమం తప్పినవాళ్ళలో లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపాలి. అక్కడ క్యాన్సర్‌గానీ, దానికి ముందు దశగానీ ఉంటే మన లెక్కలన్నీ మారిపోతాయి. సన్నటి గొట్టంతో ఓపీలోనే చేసే పరీక్ష ఇది, కొన్ని నిమిషాల నొప్పి. గర్భాశయ ముఖద్వారానికి పాప్ పరీక్ష కూడా అప్పుడే చేశాం. రెండూ మామూలుగా వచ్చాయి. థైరాయిడ్ కూడా చూశాం.

ఈలోగా రక్తం సంగతి. హిమోగ్లోబిన్ 7.6 ఉన్నప్పుడు ఐరన్ మాత్రలతో ఎక్కించడానికి నెలలు పడుతుంది, ప్రతి నెలసరికీ సగం పోతుంది. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్‌ను సెలైన్‌లో ఒకసారి 1,000 మిల్లీగ్రాముల వరకు ఎక్కించవచ్చు. వారం తేడాతో రెండు విడతలు ఇచ్చాం. బ్లీడింగ్ బాగా ఉన్న నాలుగు రోజులు ట్రానెగ్జామిక్ యాసిడ్ ఒక గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, నొప్పికి మెఫెనమిక్ యాసిడ్. ఇవి హార్మోన్లు కావు, బ్లీడింగ్ రోజుల్లోనే వేసుకోవాలి, నెలంతా కాదు. కాళ్ళల్లో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇవ్వకూడదు. ఆరు వారాలకు హిమోగ్లోబిన్ 10 దాటింది. అప్పుడు హార్మోన్ లూప్ మాట ఎత్తాను.

హార్మోన్ లూప్: ఎవరికి నిలుస్తుంది, ఎవరికి జారిపోతుంది

"నాకు ఆపరేషన్ అయిపోయింది, లూప్ ఎందుకు?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. మన దగ్గర ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎందుకంటే లూప్ అనగానే పిల్లలు కాకుండా వేసే కాపర్ టీ గుర్తొస్తుంది. పైగా కాపర్ టీ వేయించుకున్నవాళ్ళకు బ్లీడింగ్ పెరగడం చూసి ఉంటారు. ఆ భయంలో నిజముంది. రాగి లూప్ నెలసరిని ఎక్కువ చేస్తుంది, అడినోమయోసిస్ ఉన్నవాళ్ళకు అది వేయకూడదు. హార్మోన్ లూప్ చూడ్డానికి అలాగే టీ ఆకారంలో ఉన్నా పనితీరు దానికి పూర్తిగా వ్యతిరేకం. మిరేనా పేరుతో ఎక్కువమందికి తెలిసిన దీనిలో 52 మిల్లీగ్రాముల లివోనార్జెస్ట్రెల్ ఉంటుంది. మొదట్లో రోజుకు సుమారు 20 మైక్రోగ్రాములు, క్రమంగా ఇంకా తక్కువగా, గర్భసంచి లోపలే విడుదలవుతుంది. లోపలి పొర పల్చబడుతుంది. కండరంలో ఇరుక్కున్న గ్రంథుల మీద కూడా అదే ప్రభావం పడి అవి కుంచించుకుపోతాయి, నొప్పిని తెచ్చే ప్రోస్టాగ్లాండిన్లు తగ్గుతాయి. రక్తంలోకి చేరే హార్మోన్ మాత్రలతో పోలిస్తే చాలా తక్కువ. అండాశయాలు చాలామందిలో మామూలుగానే పనిచేస్తుంటాయి.

అడినోమయోసిస్‌కు ఇది ఇంత బాగా సరిపోవడానికి కారణం, మందు జబ్బున్న చోటే పడడం. ఫైబ్రాయిడ్ విషయంలో అలా చెప్పలేం. గడ్డ కండరం మధ్యలోనో బయటివైపో ఉండి లోపలి గది ఆకారం చెడకపోతే లూప్ బ్లీడింగ్‌ను తగ్గిస్తుంది, కానీ గడ్డను కరిగిస్తుందని ఆశపడకూడదు. గడ్డ గదిలోకి పొడుచుకొచ్చి ఉంటే లూప్ సరిగా కూర్చోదు, జారి బయటికొచ్చేస్తుంది. అలాంటి గడ్డను ముందు హిస్టరోస్కోపీతో, అంటే కడుపు కోయకుండా కింది నుంచి చిన్న కెమెరా పంపి, తీసేయాలి.

సైజు కూడా అడ్డమే. గర్భసంచి మూడో నెల గర్భం కంటే పెద్దదైతే, లోపలి గది 10 సెంటీమీటర్లకు మించి సాగిపోయి ఉంటే లూప్ జారిపోయే అవకాశం పెరుగుతుంది. మామూలుగా ఇరవై మందిలో ఒకరికి జారుతుందనుకుంటే, పెద్ద గర్భసంచిలో, భారీ బ్లీడింగ్‌లో ఇంకా ఎక్కువమందికి జారుతుంది. అలాంటివాళ్ళకు ల్యూప్రోలైడ్ 3.75 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ నెలకొకటి చొప్పున రెండు మూడు నెలలిచ్చి, గర్భసంచి చిన్నదయ్యాక లూప్ వేయడం ఒక పద్ధతి. ఆ ఇంజెక్షన్ తాత్కాలికంగా మెనోపాజ్ తెస్తుంది. ఒళ్ళంతా వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఎక్కువ కాలం ఇస్తే ఎముకలు బలహీనపడతాయి, ఆపేస్తే గర్భసంచి మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి అది తర్వాతి మెట్టు ఎక్కడానికే తప్ప, దానంతటదే వైద్యం కాదు.

మన ఉదాహరణలో ఆమె గది పొడవు 9 సెంటీమీటర్లు, ఆకారం చెడలేదు. నెలసరి చివరి రోజుల్లో లూప్ వేశాం. వేసేముందు చెప్పాల్సిన మాట ఒకటుంది, చాలా లూప్‌లు పోయేది అది చెప్పకపోవడం వల్లే. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా, ఎప్పుడు పడితే అప్పుడు మరకలు పడతాయి. మొత్తం పోయే రక్తం తగ్గినా, రోజులు పెరిగినట్టు ఉంటుంది. పూజలకీ పెళ్ళిళ్ళకీ ఇబ్బంది, రోజూ ప్యాడ్ పెట్టుకోవాలి. ఈ సంగతి ముందు తెలియనివాళ్ళు రెండో నెలలోనే వచ్చి "పడలేదు, తీసేయండి" అంటారు. ఆమె కూడా పదో వారంలో వచ్చింది. స్కాన్ చేసి లూప్ సరైన చోటే ఉందని చూపించాను, లూప్ చివర వేలాడే దారాలు కనిపిస్తున్నాయి. ఇంకో రెండు నెలలు ఆగుదామని ఒప్పుకుంది. అయిదో నెలకు మరకలు ఆగాయి, ఆరో నెలకు నెలసరి రెండు రోజుల పల్చటి మరకగా మారింది, నొప్పి మాత్రలు మానేసింది. ఏడాది తిరిగేసరికి సుమారు అయిదుగురిలో ఒకరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. "చెడు రక్తం లోపలే ఉండిపోతుందా?" అని భయపడతారు. ఊడిపోవడానికి పొరే పెరగడం లేదు కాబట్టి లోపల పేరుకునేది ఏమీ ఉండదు.

ఎవరైనా గమనించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తగ్గిన బ్లీడింగ్ ఒక్కసారిగా మళ్ళీ పాత స్థాయికి వచ్చినా, పొత్తికడుపులో గట్టిగా తిప్పినట్టు నొప్పి వచ్చినా, దారాలు చేతికి తగలకపోయినా లూప్ జారిందేమో చూడాలి. వేసిన మొదటి మూడు వారాల్లో జ్వరం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట వస్తే ఇన్‌ఫెక్షన్. రొమ్ముల్లో నొప్పి, మొటిమలు, తలనొప్పి కొందరికి ఉంటాయి, నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. అండాశయం మీద చిన్న నీటి తిత్తులు రావచ్చు, చాలావరకు వాటంతటవే పోతాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకు ఈ లూప్ వేయరు. బ్లీడింగ్ కోసం వేసినప్పుడు అయిదేళ్ళకు మార్చాలన్నది ఇప్పటి లెక్క.

లూప్ వద్దనుకున్నా, పడకపోయినా

లూప్ అంటేనే ఇష్టం లేనివాళ్ళకు, నొప్పి ప్రధానంగా ఉన్నవాళ్ళకు డయనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున బాగా పనిచేస్తుంది. నొప్పిని తగ్గించడంలో దీనికి మంచి పేరుంది. కానీ మొదట్లో బ్లీడింగ్ అస్తవ్యస్తంగా ఉంటుంది. గర్భసంచి బాగా పెద్దదిగా ఉండి, రక్తం బాగా తక్కువున్నవాళ్ళలో ఈ మాత్ర మొదలుపెట్టాక భారీగా బ్లీడింగ్ కావచ్చు, అందువల్ల ముందు రక్తం సరిచేసుకోవాలి. నారెథిస్టెరాన్ మాత్రలు పండక్కీ ఫంక్షన్‌కీ నెలసరి వాయిదా వేయడానికి అందరికీ తెలిసినవే. అవి బ్లీడింగ్‌ను అప్పటికి ఆపుతాయి, మానగానే మళ్ళీ వస్తుంది. ఏళ్ళ తరబడి మందుల షాపులో సొంతంగా కొని వేసుకోవడం వల్ల అసలు కారణం మరుగున పడిపోతుంది.

ఫైబ్రాయిడ్‌కు రక్తనాళాల్లోకి సన్నటి రేణువులు పంపి రక్తప్రసరణ ఆపే ఎంబొలైజేషన్, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులున్న పెద్ద ఊళ్ళలో దొరుకుతుంది. అడినోమయోసిస్‌లో కూడా ఉపశమనం ఇస్తుంది, కొందరిలో కొన్నేళ్ళకు లక్షణాలు తిరిగొస్తాయి. లోపలి పొరను కాల్చేసే అబ్లేషన్ మాత్రం లోతుగా దిగిన అడినోమయోసిస్‌కు నేను సూచించను. లోపలి పొర పోతుంది, కండరంలోని గ్రంథులు అలాగే ఉంటాయి, బ్లీడింగ్ తగ్గినా నొప్పి మిగిలిపోతుంది.

ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళ సంగతి వేరు. లూప్ ఉన్నంతకాలం గర్భం రాదు. ఫైబ్రాయిడ్ అయితే గదిని చెడగొట్టే గడ్డను తీసి ప్రయత్నించవచ్చు. అడినోమయోసిస్ ముక్కను కోసి తీసే ఆపరేషన్ ఉంది, కానీ గోడ బలహీనపడి తర్వాతి గర్భంలో గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది కాబట్టి, అలవాటున్న చేతుల్లో, ఎంపిక చేసినవాళ్ళకే చేయాలి. చాలామందికి కొన్ని నెలలు ఇంజెక్షన్లతో గర్భసంచిని చిన్నది చేసి, వెంటనే గర్భం కోసం ప్రయత్నించడమో, ఐవీఎఫ్‌కు వెళ్ళడమో సూచిస్తారు.

గర్భసంచి తీసేయడం అడినోమయోసిస్‌కు పూర్తి పరిష్కారం, ఇందులో దాపరికం లేదు. మందులు, లూప్ ఓపికగా ప్రయత్నించి కుదరనివాళ్ళకు, గర్భసంచి బాగా పెద్దదై పక్కన అవయవాలను నొక్కుతున్నవాళ్ళకు, అన్నీ విని ఇదే కావాలనుకున్నవాళ్ళకు అది సరైన వైద్యమే. అడగాల్సింది ఒకటే: అండాశయాలు ఉంచుతారా? నలభైల్లో, అండాశయాలు బాగానే ఉండి, వంశంలో అండాశయ క్యాన్సర్ లేకపోతే వాటిని ఉంచడమే మంచిది. తీసేస్తే మరుసటి వారం నుంచే మెనోపాజ్ మొదలవుతుంది, ఎముకలకూ గుండెకూ ఏళ్ళ ముందుగానే రక్షణ పోతుంది. ఉంచినా కొందరిలో మెనోపాజ్ కాస్త ముందుగా రావచ్చు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు అందులో గర్భసంచి ఒక్కటే రాశారా, అండాశయాలు కూడా రాశారా అని చదివించుకోవాలి. తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపి బయాప్సీ రిపోర్టు తెచ్చుకోవాలి.

రెండు జబ్బులూ ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి బతుకుతాయి, కాబట్టి మెనోపాజ్ తర్వాత కుంచించుకుపోతాయి. 46, 47 ఏళ్ళున్నవాళ్ళకు లూప్‌తో మెనోపాజ్ దాకా గడిపేయడం చాలాసార్లు కుదిరే పనే. నెలసరి ఆగి ఏడాది దాటాక మాత్రం ఒక్క చుక్క బ్లీడింగ్ కనిపించినా, లేదా హార్మోన్లేవీ వాడకుండానే అప్పుడు గడ్డ పెరుగుతోందని స్కాన్‌లో తేలినా, దాన్ని పాత ఫైబ్రాయిడ్‌దో పాత అడినోమయోసిస్‌దో అనుకోకుండా ఆ వారంలోనే డాక్టర్‌కు చూపించి, లోపలి పొర పరీక్ష చేయించుకోవాలి.